పాస్‌బుక్కు ఫొటో నుంచి చీటీ లెక్క దాకా

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా పిన్ని తన చీటీ పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అబ్బాయ్, పది నెలల నుంచీ కడుతున్నా. ఒక నెల మూడు వేలంటారు, ఒక నెల మూడు వేల నూట పదంటారు. మొన్న డిసెంబర్లో మూడు వేల మూడొందల డెబ్భై కట్టించుకున్నారు. ఏ నెల ఎంత ఎందుకు కట్టానో నాకు పాలుపోవడం లేదు. ఒక్కసారి చూసిపెట్టవూ?" అంది.

పిన్ని ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ డబ్బుతోనే లక్ష రూపాయల చీటీ వేసింది. పాస్‌బుక్కులో అన్నీ రాసే ఉన్నాయి. కానీ ఏజెంటు చేతిరాతలో, రెండు పేజీల్లో, ఒకచోట పసుపు మరకతో ఉన్నాయి. పండగ పనుల మధ్య కూర్చుని చూసే వీలు లేక ఫోనుతో ఫొటోలు తీసుకుని ఊరొచ్చేశాను. ఆ ఫొటోల నుంచి పిన్ని ఒక్కదాని లెక్కను వరసగా రాసుకుంటూ వచ్చిన పని ఇది. చీటీ కట్టే ఏ ఇంట్లోనైనా ఇలా చేసుకోవచ్చు.

ముందే ఒక మాట. ఫొటోలో ఉన్న అంకెల్ని కాపీ చేసుకున్నంత మాత్రాన లెక్క తయారైనట్టు కాదు. చీటీలో ప్రతి నెలా మూడు అంకెలుంటాయి: పాట ఎంతకు పోయింది, డివిడెండ్ ఎంత వచ్చింది, మనం ఎంత కట్టాం. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ ఒక్కటి తప్పు చదివినా మిగతా రెండూ ఆ తప్పును పట్టిస్తాయి. ఆ ముడిని లెక్కలోకి తెచ్చుకోవడమే అసలు పని.

పిన్ని చీటీ ఎలా నడుస్తోంది

అది 25 మంది, 25 నెలలు, నెలకు 4,000 రూపాయల చీటీ. అందరూ పూర్తిగా కడితే నెలకు లక్ష పోగవుతుంది. 2024 ఏప్రిల్లో మొదలైంది. చీటీ నడిపే వారిని చట్టం ఫోర్‌మన్ అంటుంది. పిన్ని చీటీకి ఫోర్‌మన్ ఒక కంపెనీ. వారి కమీషన్ చీటీ మొత్తంలో నూటికి 5, అంటే నెలకు 5,000. పాటలో తగ్గింపు 30,000 దాటకూడదని ఒప్పందంలో రాసుకున్నారు.

ప్రతి నెలా పాట ఉంటుంది. డబ్బు అవసరమైనవాళ్ళు "నాకు ఇంత తగ్గించి ఇవ్వండి" అని పాడతారు. అందరికంటే ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకున్నవారికి ఆ నెల చీటీ వెళుతుంది. 30,000కు పాట పోయిందంటే, పాడుకున్నవారికి 70,000 వస్తుంది. వదులుకున్న 30,000లో కంపెనీ కమీషన్ 5,000 పోగా మిగిలిన 25,000ను 25 మందికీ సమానంగా పంచుతారు. మనిషికి 1,000. దాన్నే డివిడెండ్ అంటున్నాం. ఆ వెయ్యిని చేతికివ్వరు, తర్వాతి వాయిదాలో తగ్గిస్తారు. అందుకే 4,000 కట్టాల్సిన పిన్ని 3,000 కట్టింది.

చీటీ నడకంతా ఇంతే. దీన్ని ఒక సూత్రంగా రాస్తే:

```
డివిడెండ్ = (పాట తగ్గింపు - కమీషన్) / సభ్యుల సంఖ్య
వచ్చే నెల కట్టవలసింది = పూర్తి వాయిదా - డివిడెండ్
```

మొదటి నెల మాత్రం వేరు. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే, ఫోర్‌మన్ తానూ ఒక టికెట్టు తీసుకుని మొదటి వాయిదాలో చీటీని తగ్గింపు లేకుండా పూర్తిగా తీసుకోవచ్చని 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం చెబుతుంది. పిన్ని చీటీలో అదే జరిగింది. మొదటి నెల పాట లేదు కాబట్టి డివిడెండూ లేదు. ఆ కారణంగానే ఆమె రెండో నెల కూడా 4,000 కట్టింది. "రెండు నెలలూ నాకేమీ తగ్గించలేదు" అన్న ఆమె అనుమానానికి జవాబు ఇది.

ఫొటో తీయడంలో చూసుకోవలసినవి

నేను మొదట తీసిన ఫొటోలు సగం పనికిరాలేదు. పాస్‌బుక్కును ఒళ్ళో పెట్టుకుని తీయడంతో కుట్టు దగ్గర పేజీ వంగి, అక్కడి అంకెల మీద నీడ పడింది. ఆ అంకెలే రసీదు నంబర్లు. మళ్ళీ పిన్నికి ఫోను చేసి ఎలా తీయాలో చెప్పాను. పుస్తకాన్ని బల్ల మీద పరవాలి. రెండు పక్కలా ఏదైనా బరువు పెట్టాలి. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పేజీకి సరిగ్గా పైన ఉండేలా పట్టుకోవాలి. ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో తీయాలి, రెండు పేజీలు కలిపి తీయకూడదు.

ఇంకో సంగతి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఫొటోను నొక్కి చిన్నది చేస్తుంది. సన్నటి చేతిరాత దాంతో అలుక్కుపోతుంది. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి పేజీ ఫొటో మరచిపోవద్దు. గ్రూపు నంబరు, టికెట్ నంబరు, చీటీ మొత్తం, నెలల సంఖ్య అక్కడే ఉంటాయి. అవి లేకపోతే లోపలి పేజీల అంకెలకు పునాది ఉండదు. కమీషన్ శాతం, తగ్గింపు పరిమితి పాస్‌బుక్కులో లేకపోతే ఒప్పందంలో ఉంటాయి. చీటీ ఒప్పందం నకలు ప్రతి సభ్యునికీ ఇవ్వాలని చట్టమే చెబుతుంది. అది బీరువాలో ఎక్కడుందో వెతికించి దాని ఫొటో కూడా తెప్పించుకున్నాను. అయితే మొదటి పేజీలో పేరు, చిరునామా, ఫోను నంబరు కూడా ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు తప్ప మరెవరికైనా పంపేటప్పుడు వాటిని మూసేసి పంపాలి.

అంకెల్ని చదవడం

ఫొటోలోంచి అక్షరాల్ని కాపీ చేసుకునే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. పాస్‌బుక్కు ప్రింటరులో అచ్చయినదైతే అది బాగానే పనిచేస్తుంది. చేతిరాత దగ్గర తడబడుతుంది. పిన్ని పుస్తకాన్ని అలా చదివించి చూశాను. పాత పద్ధతిలో ఏజెంటు ప్రతి మొత్తం తర్వాతా ఒక గీత, అడ్డగీత పెట్టాడు, 3,000/- అని. ఆ గీతను ఒకటిగా చదివి 30001 అని ఇచ్చింది. కొన్నిచోట్ల పై వరసలోని అంకే మళ్ళీ వస్తే రెండు చుక్కలు పెట్టి వదిలేశాడు, అక్కడ ఖాళీ వచ్చింది. పది వరసలే కదా అని చివరికి నేనే చూసి టైపు చేశాను. పావుగంట పట్టింది. పాతిక వరసలున్నా అరగంటకు మించదు. చేతిరాత పుస్తకానికి నేనిచ్చే సలహా అదే: ఒక పక్క ఫొటో తెరిచిపెట్టుకుని మీరే టైపు చేయండి.

టైపు చేసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. పుస్తకంలో ఏముందో అదే ఎక్కించాలి. తప్పనిపించినా దిద్దకూడదు. దిద్దుబాటంతా తర్వాత. ఎక్కిస్తూనే సవరించుకుంటూ పోతే, తప్పు పుస్తకంలో ఉందో నా చదువులో ఉందో తర్వాత తేలదు.

తేదీల దగ్గర ఒక ఉచ్చు ఉంది. మనం 10/05/2024 అని రాస్తే మే పదో తేదీ. స్ప్రెడ్‌షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని అక్టోబరు అయిదుగా తీసుకుంటుంది. పైకి అంకెలు అవే కనిపిస్తాయి కాబట్టి తెలియదు. గూగుల్ షీట్స్‌లో `File > Settings > Locale` లోకి వెళ్ళి `India` అని పెట్టుకున్నాకే తేదీలు ఎక్కించాలి.

లెక్క పుస్తకం అల్లిక

ఒక్కో వాయిదాకు ఒక్కో వరస. నిలువు గడులు ఇలా పెట్టాను. A లో వాయిదా నంబరు. B లో పాట తేదీ. C లో పాట తగ్గింపు. D లో నేను లెక్కకట్టిన డివిడెండ్. E లో పాస్‌బుక్కులో రాసి ఉన్న డివిడెండ్. F లో ఆ నెల కట్టవలసింది. G లో నిజంగా కట్టింది. H లో రసీదు నంబరు. I లో బాకీ. J లో హెచ్చరిక.

డివిడెండ్‌కు రెండు గడులెందుకని అడగవచ్చు. ఒకటి పుస్తకం చెప్పేది, రెండోది సూత్రం చెప్పేది. ఆ రెండూ కలవాలి. కలవని చోట ఏదో జరిగింది. ఈ లెక్క పుస్తకానికి కాపలా ఉండేవి ఆ రెండు గడులే.

మొదటి వరసలో శీర్షికలుంటాయి కాబట్టి మొదటి వాయిదా రెండో వరసలో పడుతుంది. దానికి సూత్రాలు ఇవి:

```
D2:  =IF(C2>0,(C2-5000)/25,0)
F2:  =4000
I2:  =F2-G2
J2:  =IF(ABS(D2-E2)>1,"చూడు","")
```

రెండో వాయిదా నుంచి F, I మాత్రం మారతాయి:

```
F3:  =4000-D2
I3:  =I2+F3-G3
```

F3లో D2 ఉందని గమనించండి, D3 కాదు. ఈ నెల పాటలో వచ్చిన డివిడెండ్ వచ్చే నెల వాయిదాలో తగ్గుతుంది కాబట్టి పై వరసను చూడాలి. అన్ని కంపెనీల్లోనూ ఇలాగే ఉండదు. కొన్నిచోట్ల పాట ముందు జరిపి, ఆ నెల వాయిదాలోనే డివిడెండ్ తగ్గిస్తారు. మీ చీటీ ఏ పద్ధతో తెలుసుకోవడానికి, మొదటిసారి పాట జరిగిన వరసను చూడండి. పిన్ని పుస్తకంలో రెండో నెల పాట 30,000కు పోయింది, కానీ ఆ వరసలో కట్టింది 4,000. తగ్గింపు మూడో నెలలో వచ్చింది. అంటే తర్వాతి నెల పద్ధతి. అదే వరసలో 3,000 ఉండి ఉంటే F3లో D3 రాయాలి. దీన్ని సరిచూసుకోకుండా మొదలుపెడితే ప్రతి నెలా కొద్దికొద్దిగా తేడా వస్తూ, కంపెనీ మోసం చేసిందన్న తప్పుడు అనుమానం పుడుతుంది.

హెచ్చరిక గడిలో రూపాయి దాకా తేడాను వదిలేశాను. సభ్యుల సంఖ్యతో భాగిస్తే పైసలు మిగిలే చీటీలుంటాయి, అప్పుడు కంపెనీ రూపాయికి సరిచేస్తుంది. ఆ తేడాను పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

అన్నీ సరిచూశాక పిన్ని లెక్క ఇలా వచ్చింది. తేదీలు, రసీదు నంబర్లు ఇక్కడ వదిలేశాను:

| వాయిదా | పాట తగ్గింపు | డివిడెండ్ | కట్టవలసింది | కట్టింది | బాకీ |
|---|---|---|---|---|---|
| 1 | 0 | 0 | 4,000 | 4,000 | 0 |
| 2 | 30,000 | 1,000 | 4,000 | 4,000 | 0 |
| 3 | 30,000 | 1,000 | 3,000 | 3,000 | 0 |
| 4 | 30,000 | 1,000 | 3,000 | 3,000 | 0 |
| 5 | 28,500 | 940 | 3,000 | 3,000 | 0 |
| 6 | 27,250 | 890 | 3,060 | 3,060 | 0 |
| 7 | 26,000 | 840 | 3,110 | 3,110 | 0 |
| 8 | 24,750 | 790 | 3,160 | 3,000 | 160 |
| 9 | 24,000 | 760 | 3,210 | 3,370 | 0 |
| 10 | 22,500 | 700 | 3,240 | 3,240 | 0 |

ఎదురైన మూడు చిక్కులు

ఈ పట్టిక ఇంత శుభ్రంగా మొదటిసారే రాలేదు.

ఆరో వరసలో "చూడు" అని వచ్చింది. నేను పాట తగ్గింపును 21,250 అని ఎక్కించాను. దానికి డివిడెండ్ 650 రావాలి. పుస్తకంలో 890 ఉంది. తేడా 240. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఆ తేడాను సభ్యుల సంఖ్యతో గుణిస్తే, పాట తగ్గింపులో ఎంత తప్పు పడిందో తెలుస్తుంది. 240ని 25తో గుణిస్తే 6,000. అంటే వేల స్థానంలోని అంకె ఆరు తగ్గింది. ఫొటోను పెద్దది చేసి చూస్తే నేను ఒకటి అనుకున్నది ఏడు. ఏజెంటు ఏడుకు పై గీత చిన్నగా పెడతాడు. 27,250 అని దిద్దగానే డివిడెండ్ 890 అయింది, హెచ్చరిక పోయింది. ఒకటి–ఏడు, మూడు–ఎనిమిది, సున్నా–ఆరు, ఇలాంటి పొరపాట్లన్నిటినీ ఈ గుణకారంతో పట్టుకోవచ్చు. తేడా గుణిస్తే ఆరు వేలో, అయిదు వందలో, ఇలా ఒకే స్థానంలో పడే మొత్తం వస్తే అంకె తప్పు చదివామని అనుకోవచ్చు. ఎక్కడా సర్దుబాటు కాని మొత్తం వస్తే కమీషన్ శాతాన్నో, సభ్యుల సంఖ్యనో తప్పు తీసుకున్నామేమో చూడాలి. అలాంటప్పుడు హెచ్చరిక ఒక వరసలో ఆగదు, పాట ఉన్న వరసలన్నిటిలోనూ వస్తుంది. ఆ గుర్తు బట్టి రెంటినీ విడదీయవచ్చు.

రెండో చిక్కు పసుపు మరక. నాలుగో వరసలో పాట తగ్గింపు, డివిడెండ్ రెండూ దాని కింద పోయాయి. కానీ అయిదో నెల కట్టింది 3,000 అని స్పష్టంగా ఉంది. వెనక్కి నడిస్తే చాలు. పూర్తి వాయిదా 4,000లో 3,000 పోతే డివిడెండ్ 1,000. దాన్ని 25తో గుణిస్తే 25,000. కమీషన్ 5,000 కలిపితే పాట తగ్గింపు 30,000. అది ఒప్పందంలోని గరిష్ఠ పరిమితి కూడా. చీటీ తొలి నెలల్లో డబ్బు అవసరం ఉన్నవారు ఎక్కువమంది ఉంటారు కాబట్టి పాట పరిమితిని తాకడం సహజమే. అయినా ఆ రెండు అంకెలకూ వేరే రంగు వేశాను. అవి చదివినవి కావు, లెక్కకట్టినవి. రేపు ఎవరైనా ఈ లెక్కను చూస్తే ఏది పుస్తకంలోది, ఏది మన ఊహ అన్నది తెలియాలి. తర్వాత పిన్ని కంపెనీ ఆఫీసులో అడిగి నాలుగో నెల పాట 30,000 అని రూఢి చేసుకున్నాకే ఆ రంగు తీసేశాను.

మూడోది పిన్నిని అంతగా కలవరపెట్టిన 3,370. తొమ్మిదో నెల కట్టవలసింది 3,210. నూట అరవై ఎందుకు ఎక్కువ కట్టించుకున్నారు? డివిడెండ్ గడుల్లో ఏ హెచ్చరికా లేదు, అక్కడ అన్నీ సరిపోయాయి. బాకీ గడి జవాబు చెప్పింది. అంతకుముందు నెల, నవంబర్లో, ఆమె 3,160 కట్టాల్సింది 3,000 కట్టింది. ఫోనులో అడిగితే అప్పుడు గుర్తొచ్చింది.

"అవును అబ్బాయ్! ఆ రోజు ఏజెంటు వచ్చేసరికి పర్సులో మూడు వేలే ఉన్నాయి. మిగతాది వచ్చే నెల కలిపి ఇస్తానన్నాను. మరచేపోయాను."

3,210కి ఆ 160 కలిపితే 3,370. ఆ పై బాకీ సున్నా. పాస్‌బుక్కు ప్రతి వరసనూ విడిగా చూపిస్తుంది కాబట్టి ఈ సంగతి అందులో కనిపించదు. ఒక వరస నుంచి మరో వరసకు బాకీని మోసుకుపోయే గడి ఉన్నప్పుడే కనిపిస్తుంది. ఆలస్యానికి కంపెనీ వడ్డీ వేసి ఉంటే, తర్వాతి నెల మొత్తం 3,370 కంటే ఎక్కువ ఉండేది, బాకీ గడి మైనస్‌లోకి వెళ్ళేది. అప్పుడు ఆ తేడాను వడ్డీ కింద పక్కన రాసుకుని, ఒప్పందంలోని వడ్డీ రేటుతో సరిపోయిందో లేదో చూడాలి.

మొత్తాల పరీక్ష

వరసలన్నీ సరిపోయాక ఒక చివరి పరీక్ష ఉంది. పది నెలలకు పూర్తి వాయిదాలు 40,000. రెండో నెల నుంచి తొమ్మిదో నెల దాకా వచ్చిన డివిడెండ్ల మొత్తం 7,220. తీసేస్తే 32,780. పిన్ని కట్టిన పది మొత్తాలనూ విడిగా కూడితే కూడా 32,780. పదో నెల డివిడెండ్ 700 ఇందులో లేదు, అది పదకొండో వాయిదాలో తగ్గుతుంది. కాబట్టి పదకొండో నెల ఆమె కట్టవలసింది 3,300. ఏజెంటు రాకముందే ఈ మాట ఆమెకు చెప్పగలిగాను. ఫిబ్రవరిలో అతను అడిగింది సరిగ్గా అంతే.

చీటీ ఎత్తుకున్నప్పుడు

ఒకవేళ పిన్ని పదకొండో నెల 22,000 తగ్గింపుకు చీటీ పాడుకుంటే ఏమవుతుంది? ఆమెకు వచ్చేది 78,000. కంపెనీ కమీషన్ మీద జీఎస్టీ ఉంటుంది. 2022 జూలై 18 నుంచి అది నూటికి 18. 5,000 మీద 900. ఆ మొత్తాన్ని చీటీ సొమ్ములోనే తగ్గిస్తే చేతికి 77,100 వస్తుంది. డివిడెండ్ మాత్రం మామూలు సూత్రం ప్రకారమే: 22,000లో 5,000 పోగా 17,000, తలకు 680.

ఈ సొమ్మును వాయిదాల వరసలో కలపకూడదు. కలిపితే బాకీ గడి అర్థం పోతుంది. వేరే చోట, తేదీ, పాట తగ్గింపు, పట్టుకున్న పన్ను, చేతికొచ్చిన సొమ్ము అని నాలుగు గడులతో రాసుకోవాలి. వాయిదాలు ఆగవు, పాతికో నెల దాకా అవే సూత్రాలతో నడుస్తాయి. అయితే చీటీ ఎత్తుకున్నవారికి డివిడెండ్ ఎలా వర్తిస్తుంది, వాయిదా తప్పితే పోతుందా అన్న షరతులు ఒప్పందంలో చూసుకోవాలి. అవి పోయే షరతు ఉంటే ఆ నెల F గడిలో 4,000 పడుతుంది.

కొత్త పాస్‌బుక్కు తెరిచినవారికి మరో సంగతి. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు కొన్ని పేర్లు మారాయి. డివిడెండ్‌ను షేర్ ఆఫ్ డిస్కౌంట్ అనీ, చీటీ మొత్తాన్ని గ్రాస్ చిట్ ఎమౌంట్ అనీ, పాడుకున్నవారికి వచ్చేదాన్ని నెట్ చిట్ ఎమౌంట్ అనీ అంటున్నారు. లెక్క అదే, పేర్లు వేరు. ఆ సవరణతోనే ఫోర్‌మన్ కమీషన్ గరిష్ఠ పరిమితిని నూటికి 5 నుంచి 7కు పెంచారు. కాబట్టి మీ చీటీలో కమీషన్ 5 అని ఊహించుకోవద్దు. ఒప్పందంలో ఎంత ఉందో చూసి సూత్రంలో అదే పెట్టండి. లక్ష చీటీలో 7 శాతమైతే 5000 బదులు 7000 అవుతుంది, తలకు డివిడెండ్ 80 రూపాయలు తగ్గుతుంది.

ఈ లెక్క చెప్పలేనివి

ఈ పట్టిక ఒక సభ్యురాలి లెక్క మాత్రమే. పాస్‌బుక్కులో రాసిన పాట తగ్గింపు నిజంగా పాటలో పలికిన మొత్తమేనా అన్నది ఇది చెప్పలేదు. తగ్గింపునూ డివిడెండ్‌నూ రెంటినీ కలిపి తప్పు రాస్తే సూత్రం సరిపోతూనే ఉంటుంది. దానికి ఒక్కటే దారి: కొన్ని నెలలైనా పాటకు వెళ్ళి, లేదా వెళ్ళిన తోటి సభ్యుల్ని అడిగి, పాట ఎంతకు పోయిందో పోల్చుకోవాలి. ప్రతి పాటకూ మినిట్స్ రాసి, దాని నకలును చిట్ల రిజిస్ట్రారుకు పంపాలని చట్టం ఫోర్‌మన్‌ను ఆదేశిస్తుంది. లెక్కలో తేడా కంపెనీ ఆఫీసులో తేలకపోతే వివాదాన్ని తీసుకెళ్ళవలసింది కూడా ఆ రిజిస్ట్రారు దగ్గరికే. రిజిస్టరు కాని చీటీకి ఈ మినిట్సూ ఉండవు, ఈ గడపా ఉండదు. అక్కడ మీ లెక్క ఎంత సరిగ్గా ఉన్నా దాన్ని పోల్చి చూడటానికి మరో కాగితం దొరకదు.

ఇంకో పరిమితి. స్ప్రెడ్‌షీట్ సాక్ష్యం కాదు. పాస్‌బుక్కు మీద సంతకమూ, చేతిలో రసీదూ సాక్ష్యం. అందుకే రసీదు నంబరుకు ఒక గడి ఉంచాను. లెక్కలో ఏ వరస మీద సందేహం వచ్చినా ఆ నంబరుతో అసలు కాగితం దగ్గరికి వెళ్ళగలగాలి. పాస్‌బుక్కులో సంతకం లేని వరస కనిపిస్తే ఆ గడికి ఎరుపు రంగు వేసి, వచ్చే నెల ఏజెంటు రాగానే సంతకం పెట్టించుకోవాలి. పిన్ని పుస్తకంలో ఏడో వరసలో సంతకం లేదు. ఫొటోలో అన్ని వరసలూ ఒకేసారి కళ్ళెదుట ఉండడం వల్లే అది కనిపించింది. ఇప్పుడు ఆ వరసలో సంతకం ఉంది.

ఇప్పుడు పిన్ని ప్రతి నెలా వాయిదా కట్టగానే ఆ పేజీ ఫొటో తీసి పంపుతుంది. నేను ఒక్క వరస ఎక్కించి, వచ్చే నెల ఎంత కట్టాలో రాసి పంపుతాను. రెండు నిమిషాల పని. మీ ఇంట్లోనూ అమ్మో అత్తో ఎవరో ఒకరు చీటీ కడుతూనే ఉంటారు. ఈ ఆదివారం వారి పాస్‌బుక్కునూ ఒప్పందాన్నీ అడిగి తీసుకోండి. మొదటి వరస నుంచి ఎక్కించి, వచ్చే నెల ఎంత కట్టాలో ఏజెంటు గుమ్మంలోకి రాకముందే వారికి చెప్పండి.